నేర్పుతామని పిలిచి చాకిరీ చేయించుకుంటే?

"పని నేర్చుకుంటున్నావు గదరా, ఇంక కూలెందుకు?" ఈ మాట మన వాడలకు కొత్త గాదు. మన తాతల కాలంలో పదేండ్ల పిల్లగాణ్ణి దొర కొట్టంలో జీతానికి పెట్టేటప్పుడు చెప్పిన మాటే ఇది. "ఎద్దుల్ని చూసుకోవడం నేర్చుకుంటాడు, నాగలి పట్టడం నేర్చుకుంటాడు, వాడికే మంచిది" అన్నారు. నేర్చుకోవడం ఆరు నెలల్లో అయిపోయింది. జీతం మాత్రం జుట్టు నెరిసేదాకా సాగింది. ఇప్పుడు కొట్టం పోయి షెడ్డు వచ్చింది. జీతగాడు పోయి 'ట్రైనీ' వచ్చాడు. మాట మాత్రం మారలేదు.

పేరు మార్చినంత మాత్రాన మనిషి హక్కు మారుతుందా? ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు? ఈ పక్షం ఇదే మాట్లాడుకుందాం. ఎందుకంటే మన పిల్లలు ఐటిఐలు చదివారు. నాన్న అప్పు చేసి, అమ్మ పుస్తెలు కుదువబెట్టి చదివించారు. ఆ చదువు ఫ్యాక్టరీ గేటు దాటగానే ఏమవుతోందో మనకు తెలియాలి.

నల్లగొండ జిల్లా పల్లె నుంచి ఒక తమ్ముడు మా దగ్గరికి వచ్చాడు. పేరు అక్కర్లేదు, అట్లాంటి వాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. రెండేళ్ళ ఐటిఐ ఫిట్టర్ కోర్సు పాసయ్యాడు. పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీలో "అప్రెంటిస్" పేరు మీద చేరాడు. చేర్చింది ఒక ఏజెన్సీ. గేటు దగ్గర ఇంగ్లీషులో ఉన్న నాలుగు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. కాపీ ఇవ్వలేదు. అడిగితే "ఫైల్లో ఉంటుంది" అన్నారు. పదో తరగతి మెమో ఒరిజినల్ కూడా తీసుకున్నారు. నెలకు 6,000 అన్నారు, గది కింద 1,500 కోసుకుని చేతిలో 4,500 పెట్టారు. షిఫ్టు పన్నెండు గంటలు. మొదటి వారం ఒక మేస్త్రీ పక్కన నిలబెట్టారు, రెండో వారం నుంచి డ్రిల్లింగ్ మిషన్ మీద ఒక్కణ్ణే వేశారు. గంటకు ఇన్ని పీసులు రావాలని లెక్క. పీసులు తగ్గితే తిట్టు. మిషన్ ఆగిన రోజు షెడ్డు ఊడవమన్నారు, కాలవలు తీయమన్నారు. ఆ పని చెప్పేటప్పుడు పక్కనున్న వేరే కులాల ట్రైనీలను కాదని ఇతన్నే ఎందుకు పిలిచారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పన్నెండు నెలలు అయిపోయాయి. చివర్లో కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇచ్చారు. "మా సంస్థలో ట్రైనీగా పనిచేశాడు, నడవడిక బాగుంది" అని ఉంది. ఆ కాగితం పట్టుకుని రైల్వే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతే, అక్కడ అడిగింది వేరే సర్టిఫికెట్టు. అప్పుడు తెలిసింది మనోడికి, ఏడాది ఎటు పోయిందో.

ఈ తమ్ముడికి ఏం రావాల్సింది, ఏం రాలేదు, ఇప్పుడు ఏం చేయొచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

అప్రెంటిస్ అనేది నోటిమాట కాదు. దానికి 1961లో చేసిన చట్టం ఉంది, అప్రెంటిసుల చట్టం. ఆ చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే అప్రెంటిస్ కాంట్రాక్టు కింద శిక్షణ పొందుతున్న మనిషి. ఆ కాంట్రాక్టు మీద యజమానీ, పిల్లగాడూ సంతకాలు పెట్టాలి. పిల్లగాడు మైనరయితే తల్లో తండ్రో పెట్టాలి. దాన్ని యజమాని ప్రభుత్వం నియమించిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజరుకు పంపి రిజిస్టరు చేయించాలి. ఇప్పుడది ఆన్‌లైన్లో జరుగుతోంది. ఐటిఐ వాళ్ళకు, స్కూలు చదువుల వాళ్ళకు apprenticeshipindia.gov.in అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. అందులో మన పేరు మీద కాంట్రాక్టు నెంబరు పడుతుంది. ఆ నెంబరు ఉందా లేదా అన్నదే మొదట చూడాల్సిన సంగతి.

ఆ చట్టంలో 18వ సెక్షను ఉంది. యజమానులకు ప్రాణం లాంటి సెక్షను అది. అప్రెంటిస్ అనేవాడు శిక్షణ పొందేవాడే గానీ కార్మికుడు కాదు, ఆ చట్టంలోనే వేరుగా చెప్పినవి తప్ప కార్మిక చట్టాలు అతనికి వర్తించవు అని అది చెబుతుంది. అంటే కనీస వేతనం లేదు, పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, గ్రాట్యుటీ లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు కూడా ఇదే దారిలో నడిచాయి. వేతనాల కోడ్‌లో, సామాజిక భద్రత కోడ్‌లో 'ఉద్యోగి' అన్న మాటకు అర్థం చెబుతూ 1961 చట్టం కింద ఉన్న అప్రెంటిస్‌ను తీసేశారు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 'కార్మికుడు' అన్న మాటలో అప్రెంటిస్‌ను కలిపి రాశారు. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ చోటనే అప్రెంటిస్ తప్ప అని రాశారు. కలిపిన చేతే తీసేసింది.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. చట్టం యజమానికి ఈ మినహాయింపు ఉచితంగా ఇవ్వలేదు. ఇది ఇచ్చిపుచ్చుకునే బేరం. నువ్వు కార్మికుడికి ఇచ్చే కూలి ఇవ్వక్కర్లేదు, కానీ దానికి బదులు ఇవి ఇవ్వాలి అని చెప్పింది. పని నేర్పాలి, నేర్పడానికి తగిన మనిషిని పెట్టాలి, నెలనెలా స్టైఫండ్ ఇవ్వాలి, ఎంత నేర్చాడో రికార్డు రాయాలి, చివర్లో పరీక్షకు పంపాలి. యజమాని మినహాయింపు తీసుకుని బదులు ఇవ్వకపోతే అది బేరం కాదు, దోపిడీ.

ముందు స్టైఫండ్ సంగతి. ఇది యజమాని దయ కాదు. చట్టంలో 13వ సెక్షను కింద నిబంధనల్లో కనీస రేటు రాసి ఉంది, అంతకు తగ్గకూడదు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం అయిదు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివిన వాళ్ళకు నెలకు 5,000, పదో తరగతికి 6,000, ఇంటర్‌కు 7,000, ఐటిఐ సర్టిఫికెట్టు ఉన్న వాళ్ళకు 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000. శిక్షణ రెండో ఏడాదిలో పడితే పది శాతం పెరుగుతుంది, మూడో ఏడాదికి ఇంకా పెరుగుతుంది. ఐటిఐలో చదివిన కాలాన్ని కూడా లెక్కలో వేస్తారు గనక, ప్రభుత్వ రంగ సంస్థల అప్రెంటిస్ ప్రకటనల్లో ఏడాది ఐటిఐ చదివిన వాళ్ళకు 7,700, రెండేళ్ళది చదివిన వాళ్ళకు 8,050 అని కనిపిస్తుంది. ఈ రేట్లను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. కాబట్టి సంతకం పెట్టే రోజున అమల్లో ఉన్న రేటు ఎంతో అడిగి తెలుసుకోండి. పాత రేటు చూపించి కొత్త కాలం గడిపేవాళ్ళు ఉంటారు.

మన తమ్ముడి లెక్క చూద్దాం. అతనిది రెండేళ్ళ ఫిట్టర్ కోర్సు. 2019 రేటు పట్టుకున్నా 8,050 రావాలి. ఇస్తామన్నది 6,000. తేడా నెలకు 2,050. పన్నెండు నెలలకు 24,600. గది పేరు మీద కోసిన 1,500 వేరే లెక్క, అది ఈ 24,600లో కలవలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా చూడాలి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం అని ఒకటి 2016లో మొదలైంది. దాని కింద స్టైఫండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్ర ప్రభుత్వం పెట్టుకుంటుంది. మొదట్లో ఆ డబ్బు యజమాని చేతికి పోయేది. 2023 నుంచి పిల్లగాడి ఆధార్ కలిసిన బ్యాంకు ఖాతాలోకి నేరుగా వేస్తున్నారు. అందువల్ల కంపెనీ వేసింది తక్కువ కనబడగానే మోసం అనుకోవద్దు. రెండు వాటాలూ కలిపి చూడాలి. 8,050 రావాల్సిన వాడికి ప్రభుత్వం నుంచి 1,500 పడితే, కంపెనీ నుంచి 6,550 పడాలి. బ్యాంకు పాస్‌బుక్కు ఎంట్రీ చేయించి రెండు వరుసలూ చూసుకోండి. ప్రభుత్వ వాటా ఒక్క నెల కూడా పడలేదంటే, ఆధార్ కలవకపోయి అయినా ఉండాలి, అసలు మన పేరు రిజిస్టరే కాకపోయి అయినా ఉండాలి. మన తమ్ముడి పాస్‌బుక్కులో ఆ వరుసే లేదు. కంపెనీ డబ్బు కూడా ఏజెన్సీ వాడు చేతికిచ్చాడు. అనుమానం పుట్టింది అక్కడే.

స్టైఫండ్ వచ్చే నెల పదో తారీఖు లోపల ఇవ్వాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, పీసుల లెక్కన అప్రెంటిస్‌కు డబ్బు కట్టకూడదని, ఉత్పత్తి బోనసు స్కీముల్లో అతన్ని దించకూడదని 13వ సెక్షను స్పష్టంగా చెప్పింది. ఎందుకు చెప్పింది? పీసులు లెక్కబెట్టే చోట నేర్పడం జరగదు గనక. నేర్చుకునేవాడు చెడగొడతాడు, మళ్ళీ చేస్తాడు. పీసు లెక్క మీద కూర్చున్న వాడికి చెడగొట్టే హక్కు ఉండదు. అట్లాగే అడ్వైజరు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఆ అనుమతి కూడా శిక్షణకు పనికొస్తుందనో ప్రజల అవసరమనో తేలితేనే ఇవ్వాలి. రోజుకు ఎన్ని గంటలు అన్నది మాత్రం 2014 సవరణ తర్వాత యజమాని నిర్ణయానికి వదిలేశారు. ఇది మనకు జరిగిన నష్టమే. వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా 1942 నుంచి 1946 దాకా పనిచేసిన బాబాసాహెబ్ అంబేద్కర్ పని గంటల మీద ఎందుకంత పట్టుబట్టాడో ఇప్పుడు అర్థమవుతుంది. గంటలు ఎవరి చేతిలో ఉంటే బతుకు వాళ్ళ చేతిలో ఉంటుంది.

ఇక ప్రమాదాలు. ప్రెస్ మిషన్ కింద వేలు పోతే "ట్రైనీ గదా, పరిహారం రాదు" అని చెప్పి ఆసుపత్రి బిల్లు కట్టి ఊరికి పంపేస్తున్నారు. ఇది అబద్ధం. అప్రెంటిస్ కార్మికుడు కాదని చెప్పిన చట్టమే, ఆరోగ్యం, భద్రత, సౌకర్యాల విషయంలో అతన్ని కార్మికుడితో సమానంగా చూడాలని 14వ సెక్షన్లో చెప్పింది. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం కట్టాలని 16వ సెక్షన్లో చెప్పింది. 18వ సెక్షను ఒక్కటే చదివి వినిపించే మేనేజరుకు ఈ రెండూ చదివి వినిపించండి.

ఇప్పుడు సర్టిఫికెట్టు. రెండు కాగితాలకు తేడా తెలియక మన పిల్లలు ఏళ్ళకేళ్ళు పోగొట్టుకుంటున్నారు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చేది అనుభవపత్రం. అది ఇంకో కంపెనీ గేటు దగ్గర కొంత పనికొస్తుంది. చట్టం ప్రకారం వచ్చేది నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్టు, ఎన్.ఎ.సి. అంటారు. అది యజమాని ఇచ్చేది కాదు. కాంట్రాక్టు రిజిస్టరై, శిక్షణ కాలం పూర్తయి, అఖిల భారత స్థాయి పరీక్ష రాసి పాసైతే వస్తుంది. ఈ గొలుసులో మొదటి లింకు రిజిస్ట్రేషను. అది తెగితే చివరి లింకు దొరకదు. పన్నెండో నెలలో పోయి సర్టిఫికెట్టు అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు, మొదటి నెలలోనే కాంట్రాక్టు నెంబరు అడగాలి. డిప్లొమా, డిగ్రీ వాళ్ళకు వేరే దారి ఉంది. వాళ్ళ సర్టిఫికెట్టు అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ బోర్డు నుంచి వస్తుంది, మన దక్షిణాదికి ఆ బోర్డు చెన్నైలో ఉంది.

ఆ సర్టిఫికెట్టు దేనికి అంటారా? రైల్వే కార్ఖానాల్లో అప్రెంటిస్ పూర్తిచేసి ఎన్.ఎ.సి. తెచ్చుకున్న వాళ్ళకు రైల్వేలో లెవెల్-1 ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. బయట ఫ్యాక్టరీలో చేసిన వాళ్ళకు ఆ 20 శాతం రాదు గానీ, అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి పోస్టులకు పదో తరగతితో పాటు చట్టం కింద పూర్తిచేసిన అప్రెంటిస్‌షిప్ కూడా అర్హతగా తీసుకుంటున్నారు. "నడవడిక బాగుంది" అన్న కాగితానికి ఆ బలం లేదు.

మరి మన తమ్ముడు అప్రెంటిసా, కార్మికుడా? అసలు ముడి ఇక్కడుంది.

చాలామంది సంఘం వాళ్ళు తొందరపడి ఒక మాట అంటారు: "కాంట్రాక్టు రిజిస్టరు కాలేదు, కాబట్టి మనోడు కార్మికుడే" అని. అంత సులువు కాదు. ఉత్తరప్రదేశ్ విద్యుత్ బోర్డు, శివమోహన్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు రిజిస్టరు కానంత మాత్రాన అప్రెంటిస్ కార్మికుడైపోడని తేల్చింది. అంటే యజమాని తన తప్పుతో రిజిస్టరు చేయించకపోయినా, అక్కడ నిజంగా శిక్షణే జరిగి ఉంటే మనకు కార్మికుడి హక్కులు రావు. ఈ తీర్పు మనకు నచ్చకపోవచ్చు. కానీ తెలియకుండా కోర్టుకు పోతే కేసు అక్కడే పోతుంది.

మరి దారి లేదా? ఉంది. అంతకు ముందు ఏడాది, 2003లో, నాసిక్ కార్మిక సంఘానికీ త్రయంబక్ రబ్బర్ కంపెనీకీ మధ్య కేసు సుప్రీంకోర్టుకు పోయింది. వాళ్ళంతా ట్రైనీలే, కార్మికులు కాదు అని కంపెనీ వాదన. ఉత్పత్తి అంతా వీళ్ళ చేతుల మీదనే నడుస్తుంటే, వీళ్ళను ట్రైనీలంటే ఫ్యాక్టరీ ఎవరితో నడిచినట్టు? కోర్టు కంపెనీ మాట నమ్మలేదు, వాళ్ళు కార్మికులే అంది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే సంగతి తేలుతుంది. కాగితం ఒక్కటే కొలత కాదు, జరిగిన పని కొలత. నేర్పడం జరిగిందా, వాడుకోవడం జరిగిందా?

దాన్ని రుజువు చేయాల్సింది మనమే. నేను కార్మికుణ్ణి అన్నవాడే రుజువు చూపించాలని కోర్టులు చెబుతున్నాయి. రుజువు ఎట్లా వస్తుంది? నేర్పే చోట ఒక నేర్పే మనిషి ఉంటాడు, ఈ నెల ఇది, వచ్చే నెల అది అని ఒక వరుస ఉంటుంది, రాసుకునే రికార్డు పుస్తకం ఉంటుంది, చివర పరీక్ష ఉంటుంది. వాడుకునే చోట ఇవేవీ ఉండవు. ఏడాదంతా ఒకే మిషన్ మీద ఒకే పని ఉంటుంది. షిఫ్టు చార్టులో పర్మినెంటు వాడి పేరు పక్కన మన పేరు ఉంటుంది, పీసుల లెక్క ఉంటుంది. మనం రాని రోజు మిషన్ ఆగిపోతుంది. కాబట్టి తమ్ముళ్ళకు చెప్పండి: ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ తారీఖు, షిఫ్టు గంటలు, ఏ మిషన్, ఎన్ని పీసులు, ఎవరు పని చెప్పారు అన్నది రెండు లైన్లు రాయండి. షిఫ్టు బోర్డు ఫోటో, సూపర్‌వైజరు ఫోన్లో పంపిన మెసేజీలు, గేటు పాసు దాచుకోండి. ఏడాది తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పిన మాటకంటే ఆ రోజు రాసుకున్న ముతక రాత బలమైన సాక్ష్యం.

ఇట్లా చూసినప్పుడు మన తమ్ముడికి రెండు దారులు కనబడతాయి. రిజిస్టరైన అప్రెంటిస్ అయితే, కాంట్రాక్టు మీద వచ్చిన ఏ తగాదా అయినా 20వ సెక్షను కింద అప్రెంటిస్‌షిప్ అడ్వైజరు ముందు పెట్టాలి. ఆయన తీర్పు నచ్చకపోతే ముప్పై రోజుల్లో అప్పీలుకు పోవచ్చు. తక్కువ పడ్డ 24,600 అడిగే చోటు అది. మన జిల్లాకు ఆ అధికారి ఎవరన్నది దగ్గర్లోని ప్రభుత్వ ఐటిఐ ప్రిన్సిపాలును అడిగితే తెలుస్తుంది. నాలుగు, అంతకు మించిన రాష్ట్రాల్లో నడిచే కంపెనీ అయితే వ్యవహారం కేంద్రం కిందికి పోతుంది. రిజిస్టరు కాలేదు, శిక్షణా జరగలేదు అంటే, లేబర్ ఆఫీసుకు పోయి "నేను కార్మికుణ్ణి, నాకు కనీస వేతనం, ఓవర్‌టైముకు రెట్టింపు కూలి రావాలి" అని అడగాలి. వేతనాల కోడ్ కింద ఈ దావాకు మూడేళ్ళ గడువు ఉంది. రెండు దారులూ ఒకేసారి తొక్కితే రెండు చోట్లా యజమాని మన మాటనే మన మీదికి తిప్పుతాడు. ముందు పోర్టల్లో పేరు చూసి, నోటుబుక్కు చూసి, ఏ దారో తేల్చుకుని అడుగు వెయ్యాలి.

మన తమ్ముడి పేరు పోర్టల్లో లేదు. నేర్పిన మనిషి లేడు. అందుకని రెండో దారి పట్టాడు. లేబర్ ఆఫీసులో దరఖాస్తు పడింది. నోటీసు పోయాక కంపెనీ ఒక కాంట్రాక్టు కాగితం తెచ్చింది, దాని మీద తారీఖు లేదు. పదో తరగతి మెమో మాత్రం మొదటి పిలుపు రోజునే చేతిలో పెట్టి పోయారు. కేసు నడుస్తోంది. గెలుస్తాడో లేదో ఇవాళ చెప్పలేం. అతను నోటుబుక్కు రాయలేదు. తోటి పిల్లలు ఇద్దరు సాక్ష్యం చెబుతామన్నారు, వాళ్ళూ మన పల్లె పిల్లలే. అందులో ఒకడు ఇంకా అదే ఫ్యాక్టరీలో ఉన్నాడు. అతని కూడు పోకుండా ఎట్లా నిలబడాలన్నది సంఘం ఆలోచించాల్సిన సంగతి.

మన వాడలకు ప్రత్యేకంగా సంబంధించిన సెక్షను ఒకటుంది, దాన్ని ఎవరూ చదివి వినిపించరు. 1973లో చట్టంలో చేర్చిన 3ఎ సెక్షను. ప్రతి ట్రేడులో యజమాని ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలి. ఎన్ని అన్నది ఆ రాష్ట్రంలో మన జనాభాను బట్టి నిబంధనల్లో పెడతారు. గమనించండి, ఇది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే అని రాయలేదు, "యజమాని" అని రాశారు. ప్రైవేటు ఫ్యాక్టరీల ఉద్యోగాల్లో మనకు రిజర్వేషను లేదు గానీ, ప్రైవేటు ఫ్యాక్టరీ అప్రెంటిస్ సీట్లలో ఉంది. 2019 నిబంధనల ప్రకారం ముప్పై మందీ అంతకు మించీ పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్టు మనుషులను కూడా కలుపుకుని, తన బలంలో రెండున్నర శాతం నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిసులను పెట్టుకోవాలి. మీ మండలం చుట్టుపక్కల ఎన్ని అట్లాంటి కంపెనీలున్నాయి? వాటిలో మన పిల్లలు ఎందరు, ఏ ట్రేడులో ఉన్నారు? సమాచార హక్కు కింద అప్రెంటిస్‌షిప్ అడ్వైజరు ఆఫీసును అడగొచ్చు. అన్ని ట్రేడుల్లో మన సీట్లు నిండాయా, లేక హౌస్‌కీపింగులోనే నిండాయా అన్నది ఆ జవాబులో తెలుస్తుంది.

శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలా? ఇవ్వాలని చట్టం చెప్పదు. 2014 సవరణ, అప్రెంటిస్ పూర్తిచేసిన వాళ్ళను తీసుకోవడానికి ప్రతి యజమానీ ఒక విధానం రాసుకోవాలని మాత్రం చెప్పింది. ఆ సవరణే, చట్టం ఉల్లంఘించిన యజమానికి అంతకు ముందున్న జైలు శిక్షను తీసేసింది. కానీ 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉంది: మిగతావన్నీ సమానమైనప్పుడు, బయటినుంచి వచ్చిన వాడికన్నా అక్కడే శిక్షణ పొందిన వాడికి ముందు చోటివ్వాలి. ఇంకోటి, కాంట్రాక్టులో "శిక్షణ తర్వాత మా దగ్గరే ఇన్నేళ్ళు పనిచేయాలి" అని బాండు రాయించుకుంటే, అది ఒక్క పిల్లగాణ్ణే కట్టదు. తగిన ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమాని మీద కూడా పడుతుంది. బాండు చూపించి బెదిరించే వాడికి ఈ మాట గుర్తు చేయండి.

కాలేజీ పిల్లల "ఇంటర్న్‌షిప్" గురించి ఒక్క మాట. ఈ చట్టంలో ఇంటర్న్ అన్న మాట లేదు. చదువులో భాగంగా రెండు నెలలు పోయి వచ్చే పిల్లలకు, అప్రెంటిస్ కాంట్రాక్టు లేకపోతే, ఈ చట్టం కింద స్టైఫండ్ రాదు. అందుకని ఎన్ని వారాలు, ఏం నేర్పుతారు, ఏమిస్తారు, చివర ఏ కాగితం ఇస్తారు అన్నది కాలేజీ ద్వారా ముందే రాయించుకోవాలి. చదువు అయిపోయినా "ఇంటర్న్" అనే పేరుతోనే నెలల తరబడి రోజువారీ పని చేయిస్తుంటే, అక్కడ పైన చెప్పిన కొలతే పనికొస్తుంది: నేర్పుతున్నారా, వాడుకుంటున్నారా?

సంఘం కార్యకర్తలకు మేం చెప్పేది ఇంతే. ఈ ఎండాకాలం ఐటిఐ ఫలితాలు వచ్చాక మన వాడల నుంచి పిల్లలు మూట కట్టుకుని బయలుదేరతారు. బస్సెక్కే ముందే వాళ్ళను కలవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దని చెప్పండి, చూపించి జిరాక్సు ఇస్తే చాలు. సంతకం పెట్టిన కాగితానికి ఫోటో తీసుకోమనండి. చేరిన ముప్పై రోజుల్లో కాంట్రాక్టు నెంబరు తెచ్చి సంఘం పుస్తకంలో రాయించమనండి. నెంబరు రాకపోతే ఏడాది ఆగొద్దు, ఆ నెలలోనే అడగండి.

మన తాతకు జీతం కాగితం లేదు, అందుకే దొర నోటిమాటే చట్టమైంది. మన పిల్లగాడికి చట్టం ఉంది. దాన్ని కంపెనీ ఫైల్లో ఉండనివ్వకుండా, నెంబరుతో సహా మన చేతికి తెచ్చుకోవడమే మిగిలిన పని.